బీకాం చదివినవాళ్లు కౌన్సిలింగ్‌లోకి రావాలంటే: విశాఖలో చదువు, సూపర్‌విజన్, సంపాదన

ప్రశ్న: "నాకు 27 ఏళ్లు. బీకాం చదివి గాజువాకలో ఒక ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ చూస్తున్నాను, జీతం 24 వేలు. ఉద్యోగం చేస్తూనే దూరవిద్యలో ఎంఏ సైకాలజీ చేసి వైజాగ్‌లోనే కౌన్సిలర్‌గా స్థిరపడొచ్చా? ఎన్నేళ్లు పడుతుంది, నిజంగా ఎంత వస్తుంది? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి ప్లీజ్."

స్థిరపడొచ్చండీ, కానీ దూరవిద్య దారి ఇప్పుడు లేదు. 2025 జూలై-ఆగస్టు ప్రవేశాల నుంచి సైకాలజీని దూరవిద్యలోగానీ ఆన్‌లైన్‌లోగానీ చెప్పకూడదని యూజీసీ ఆపేసింది. ఇప్పుడు ఎవరైనా "మా దగ్గర ఆన్‌లైన్ ఎంఏ ఉంది, చేరండి" అని ఫోన్ చేస్తే డబ్బు కట్టకండి. రెండేళ్లు రెగ్యులర్‌గా కాలేజీకి వెళ్లి ఎంఏ గానీ ఎంఎస్సీ గానీ చేయాలి. ఆ తర్వాత కనీసం రెండేళ్లు ఒక సీనియర్ పర్యవేక్షణలో క్లయింట్లను చూడాలి. అంటే మీ కాళ్ల మీద మీరు నిలబడటానికి నాలుగు నుంచి ఐదేళ్లు. ఎంఏ అయ్యాక మొదటి ఉద్యోగంలో 15 నుంచి 20 వేలు వస్తాయి. ఇప్పటి మీ 24 వేలను దాటేది దాదాపు నాలుగో ఏడాది చివర్లోనే.

నేను పదిహేడేళ్లుగా ఎంవీపీ కాలనీలో కౌన్సిలింగ్ సైకాలజిస్టుగా ప్రాక్టీసు చేస్తున్నాను. ఎనిమిదేళ్లుగా కొత్తవాళ్లకు సూపర్‌విజన్ కూడా ఇస్తున్నాను. కింద చెప్పే జీతాలు, ఫీజులు అన్నీ మన ఊళ్లో నా కళ్ల ముందు నడుస్తున్నవే. హైదరాబాద్, బెంగళూరు లెక్కలు వేరుగా ఉంటాయి.

ముందు ఒక తేడా తెలియాలి. కౌన్సిలింగ్ సైకాలజిస్టు, క్లినికల్ సైకాలజిస్టు ఒకటి కాదు. క్లినికల్ సైకాలజిస్టు అని బోర్డు పెట్టుకోవాలంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, అంటే ఆర్‌సీఐ, గుర్తించిన కోర్సు చేసి వాళ్ల రిజిస్టర్‌లో పేరు ఎక్కించుకోవాలి. ఆ రిజిస్ట్రేషన్ లేకుండా ఆ పని చేస్తే 1992 నాటి ఆర్‌సీఐ చట్టం ప్రకారం ఏడాది దాకా జైలు పడొచ్చు. ఇన్నాళ్లూ ఆ కోర్సంటే ఎంఏ తర్వాత రెండేళ్ల ఫుల్‌టైమ్ ఎం.ఫిల్. దానికి యూజీసీ 2025-26 విద్యా సంవత్సరం వరకే అనుమతి పొడిగించింది. దాని స్థానంలోకి ఆర్‌సీఐ గుర్తింపుతో రెండేళ్ల ఎంఏ క్లినికల్ సైకాలజీ, పైస్థాయిలో సై.డి. అనే డాక్టరేట్ కోర్సు వస్తున్నాయి. సీట్లు తక్కువ, పోటీ ఎక్కువ. బెంగళూరు నిమ్హాన్స్, రాంచీ సీఐపీ లాంటి చోట్లకు దేశం నలుమూలల నుంచీ రాస్తారు. ఈ దారిలో ఆసుపత్రిలో సూపర్‌విజన్ కోర్సులో భాగంగానే దొరుకుతుంది. బయటికి వచ్చినవాళ్లకు విశాఖ ప్రైవేటు ఆసుపత్రుల్లో 35 నుంచి 50 వేల మధ్య మొదలవుతుంది.

కౌన్సిలింగ్ సైకాలజిస్టుకు ఇప్పటివరకు అలాంటి తప్పనిసరి లైసెన్సు నడవలేదు. 2021లో అలైడ్ అండ్ హెల్త్‌కేర్ వృత్తుల జాతీయ కమిషన్ చట్టం వచ్చింది. మానసిక ఆరోగ్య రంగంలో పనిచేసేవాళ్లను కూడా అందులో చేర్చారు కాబట్టి మున్ముందు రిజిస్ట్రేషన్ ఆ చట్టం కిందే ఉంటుంది. మీరు ఇప్పుడే మొదలుపెడుతున్నారు గనుక రెగ్యులర్ పీజీ, రాతపూర్వకంగా ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్లు, సూపర్‌విజన్ గంటల రికార్డు మొదటి రోజు నుంచే దాచుకోండి. మూడు నెలల డిప్లొమా కాగితంతో బోర్డు పెట్టినవాళ్లు మన ఊళ్లో చాలామందే ఉన్నారు. రేపు రిజిస్ట్రేషన్ అడిగితే వాళ్ల దగ్గర చూపించడానికి ఏమీ ఉండదు.

బీకాంతో పీజీ సీటు వస్తుందా అంటే, కొన్ని యూనివర్సిటీలు ఏ డిగ్రీ ఉన్నా తీసుకుంటాయి, కొన్ని డిగ్రీలో సైకాలజీ ఉండాలంటాయి. ఆంధ్రా యూనివర్సిటీ, గీతం రెండూ మన ఊళ్లోనే ఉన్నాయి. రాష్ట్ర యూనివర్సిటీలకు పీజీసెట్ రాయాలి. దరఖాస్తు పెట్టే ముందు ఆ ఏడాది నోటిఫికేషన్‌లో అర్హత కాలమ్ మీరే చదవండి, ఏజెంట్ మాట మీద వెళ్లకండి. తర్వాత క్లినికల్ వైపు మారాలన్న ఆలోచన ఏ మూలనైనా ఉంటే ఎంఏలో 55 శాతం కింద పడనివ్వకండి. ఆ మార్కుల దగ్గరే ఆగిపోయినవాళ్లను చూశాను.

ఇక అసలు విషయానికి వస్తాను. అందరూ డిగ్రీ గురించి అడుగుతారు, సూపర్‌విజన్ గురించి ఎవరూ అడగరు. మనిషి కౌన్సిలర్‌గా తయారయ్యేది అక్కడే.

నాకు మొదటి రెండేళ్లు సూపర్‌వైజర్ లేరు. అప్పట్లో ఒక ఆవిడ నా దగ్గరికి వచ్చేవారు, నలభై రెండేళ్లుంటాయి. నీరసం, దేని మీదా ఆసక్తి లేకపోవడం, ఊరికే కన్నీళ్లు రావడం, బరువు పెరగడం. పుస్తకంలో డిప్రెషన్ లక్షణాలన్నీ సరిపోయాయి. నాలుగు నెలలు వారం వారం మాట్లాడాను. అత్తగారితో గొడవలు, భర్త దుబాయ్‌లో ఉండటం, అన్నీ తవ్వాను. ఆవిడ మాత్రం అలాగే ఉన్నారు. చివరికి వాళ్ల చెల్లెలు వేరే పని మీద డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే రక్తపరీక్షలో థైరాయిడ్ బాగా తక్కువని తేలింది. మాత్రలు మొదలుపెట్టాక రెండు నెలల్లో మనిషి మారిపోయారు. ఆవిడ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. కానీ ఆ నాలుగు నెలల ఫీజు, ఆ నాలుగు నెలల బాధ నా అజ్ఞానం వల్లనే. పక్కన ఒక సీనియర్ ఉండి ఉంటే మొదటి వారమే "థైరాయిడ్, హిమోగ్లోబిన్ చూపించారా?" అని అడిగి ఉండేవారు. ఈ రోజుకీ నా దగ్గర కొత్త క్లయింట్ ఫారంలో మొదటి ప్రశ్న అదే.

సూపర్‌విజన్ అంటే ఏం జరుగుతుందో ఒక ఉదాహరణ చెబుతాను. వివరాలు గుర్తుపట్టకుండా మార్చాను. అనకాపల్లి వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి ఎంఏ అయ్యాక ఒక జూనియర్ కాలేజీలో కౌన్సిలర్‌గా చేరింది, జీతం 18 వేలు. రెండు వారాలకోసారి నా దగ్గరికి వచ్చేది. ప్రతి సెషన్ అయ్యాక ఆ పిల్లవాడు ఏమన్నాడు, తను ఏమంది అన్నది గుర్తున్నంతవరకు మాటకు మాట రాసుకొచ్చేది. ఒకరోజు ఇంటర్ సెకండియర్ హాస్టల్ అబ్బాయి కేసు చదివింది. "ఏం చదివినా తలకెక్కట్లేదు మేడమ్" అన్నాడని, తను టైమ్‌టేబుల్ వేసిచ్చిందని, వాడు థాంక్స్ చెప్పి వెళ్లాడని రాసింది. సెషన్ బాగా జరిగిందని సంతోషంగా ఉంది.

టైమ్‌టేబుల్ మాట వచ్చే ముందు వాడు చివరగా ఏమన్నాడో మళ్లీ చదవమన్నాను. చదివింది: "నేను లేకపోతే మా నాన్నకి ఇంత అప్పుండేది కాదు."

"దానికి నువ్వేమన్నావమ్మా?"

"అలా అనుకోకూడదు, బాగా చదివితే నాన్నగారే సంతోషిస్తారు అన్నాను మేడమ్."

"'నేను లేకపోతే' అన్నాడు కదా. చనిపోవాలని అనిపిస్తోందా అని అడిగావా?"

కాసేపు మాట్లాడలేదు. "అడిగితే లేని ఆలోచన నేనే పెట్టినట్టవుతుందేమోనని భయపడ్డాను" అంది.

కొత్తవాళ్లలో దాదాపు అందరికీ ఈ భయం ఉంటుంది. నేరుగా అడిగినంత మాత్రాన ఆ ఆలోచన పుట్టదు. అప్పటికే ఉంటే, చెప్పుకోవడానికి ఒక మనిషి దొరికినట్టు అవుతుంది. ఎలా అడగాలో ఆ గదిలోనే నాలుగుసార్లు తనతో పైకి అనిపించాను: "చాలా కష్టంగా ఉన్నప్పుడు కొంతమందికి చచ్చిపోతే బాగుండు అనిపిస్తుంది. నీకు అలా అనిపిస్తోందా?" అవునంటే తర్వాత ఏం అడగాలి, ఎలా చేయాలని అనుకున్నాడా, ఎప్పుడని అనుకున్నాడా, దగ్గర్లో అందుకు వీలుందా, ఇంతవరకు ఎవరికైనా చెప్పాడా, వరసగా రాసిచ్చాను. ఆ సాయంత్రమే కాలేజీకి తిరిగి వెళ్లి వాణ్ని పిలిపించింది. అవునన్నాడు. మూడు వారాల నుంచి అనుకుంటున్నాడు. "నువ్వు చెప్పినవన్నీ నా దగ్గరే ఉంటాయి. ఈ ఒక్క విషయం మాత్రం నేను దాచలేను, మీ నాన్నగారికి మనిద్దరం కలిసే చెబుదాం" అంది. ఆ రాత్రి వాణ్ని ఒంటరిగా పడుకోనివ్వలేదు. మర్నాడు నాన్న వచ్చాడు. ఇద్దరినీ సైకియాట్రిస్టు దగ్గరికి పంపారు. ఈ మధ్యలో ఎప్పుడైనా ఫోన్ చేయడానికి ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 వాడి పుస్తకం అట్ట మీద రాసిచ్చింది. ఆ పిల్లవాడు ఆ ఏడాది కొన్ని సబ్జెక్టులు వదిలేసి మరుసటి ఏడు రాశాడు. బాగున్నాడు.

ఆ అమ్మాయికి ఎంఏలో ఆత్మహత్య ముప్పు మీద ఒక చాప్టర్ ఉంది, పరీక్షలో జవాబు బాగానే రాసింది. కానీ ఎదురుగా పదిహేడేళ్ల పిల్లవాడు తల వంచుకుని తెలుగులో ఒక మాట అన్నప్పుడు అది ఆ చాప్టరే అని గుర్తుపట్టలేకపోయింది. మన పుస్తకాలన్నీ ఇంగ్లిషులో ఉంటాయి. మన దగ్గరికి వచ్చేవాళ్లు "యాంగ్జైటీ" అనరు, "గుండె దడగా ఉంది", "గాబరా", "బుర్ర బరువెక్కిపోతోంది" అంటారు. శ్రీకాకుళం వైపు పెద్దవాళ్లయితే "గాలి సోకింది" అంటారు. ఆ మాట వెనకున్నది బెంగా, భయమా, ఒంట్లో జబ్బా అన్నది పట్టుకోవడం సూపర్‌విజన్‌లోనే నేర్చుకోవాలి. గాజువాకలో పదిమందితో మసలినవారు కాబట్టి ఇందులో మీకు కొంత సులువు.

కౌన్సిలింగ్‌కు మన దేశంలో ఇన్ని గంటల సూపర్‌విజన్ ఉండాలని చట్టం చెప్పదు. నేను కొత్తవాళ్లకు పెట్టే లెక్క: ఏడెనిమిది గంటలు క్లయింట్లను చూస్తే ఒక గంట సూపర్‌విజన్. విశాఖలో ఒక్కరికి గంటకు 800 నుంచి 1,500 దాకా తీసుకుంటారు. నలుగురైదుగురు కలిసి గ్రూపుగా వస్తే చాలా తగ్గుతుంది, పక్కవాళ్ల కేసులు వినడం వల్ల నేర్చుకునేది కూడా ఎక్కువే.

ఇప్పుడు ఆ అమ్మాయి డబ్బు లెక్క. తన అనుమతితోనే రాస్తున్నాను. మొదటి ఏడాది కాలేజీ జీతం 18 వేలు. సాయంత్రాలు నా క్లినిక్‌లో ఒక గది గంటల లెక్కన వాడుకుని వారానికి నలుగురిని చూసేది, ఒక్కొక్కరి దగ్గర 500. అంటే నెలకు 8 వేలు. గది అద్దె సెషన్‌కు 150 చొప్పున 2,400, సూపర్‌విజన్ రెండు గంటలకు 2 వేలు. మిగిలేది 3,600. మొత్తం నెలకు 21,600. అందులో ఊరు నుంచి వచ్చి ఉండటానికి హాస్టల్ ఖర్చు కూడా.

నాలుగో ఏడు వచ్చేసరికి కాలేజీ మానేసి పూర్తిగా ప్రాక్టీసులోకి వచ్చింది. ఫీజు 800. వారానికి ఇరవైమంది బుక్ చేసుకుంటే పదిహేనుమంది వస్తారు. మిగతావాళ్లు ఆ ఉదయం "ఈ రోజు కుదర్లేదు మేడమ్" అని మెసేజ్ పెడతారు. ఇది మా అందరికీ ఉన్నదే. పదిహేను చొప్పున నాలుగు వారాలకు 48 వేలు. గది అద్దె 9 వేలు, సూపర్‌విజన్ 4 వేలు, ఏదైనా ట్రైనింగ్‌కు నెలకు 3 వేలు పక్కన పెడితే చేతికొచ్చేది 32 వేలు. వేసవిలో పిల్లలు ఊళ్లకు వెళ్లిపోతారు కాబట్టి ఇందులో మూడో వంతు తగ్గుతుంది. ఇంకా ఎక్కువమందిని చూడొచ్చు కదా అంటారు. వారానికి ఇరవై, ఇరవై రెండు సెషన్లు దాటితే నా బుర్రలో సాయంత్రం కూర్చున్న మనిషి ఉదయం వచ్చిన మనిషితో కలిసిపోతారు. అందుకే ఈ వృత్తిలో సంపాదన గంటలు పెంచితే పెరగదు, ఏళ్లు గడిచి ఫీజు పెరిగితేనే పెరుగుతుంది. పదేళ్లు దాటినవాళ్లం ఊళ్లో 1,200 నుంచి 1,500 తీసుకుంటాం. మాలోనూ సగంమందికి కాలేజీల్లో, కంపెనీల్లో వర్క్‌షాపులు చేసుకుంటేనే ఇల్లు నడుస్తుంది.

ఉద్యోగాల సంగతి కూడా చెప్పాలి. 2023లో మన విశాఖలో నీట్‌కు చదువుతున్న ఒక విద్యార్థిని చనిపోయిన కేసులో సుప్రీంకోర్టు 2025 జూలైలో తీర్పు ఇచ్చింది. వందమంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థా కనీసం ఒక అర్హత కలిగిన కౌన్సిలర్‌నో సైకాలజిస్టునో సోషల్ వర్కర్‌నో పెట్టుకోవాలని ఆదేశించింది. దాంతో అడుగుతున్న కాలేజీలు పెరిగాయి. చేరే ముందు మాత్రం రెండు విషయాలు కాగితం మీద అడగండి. ఒకటి, ఎన్ని క్యాంపస్‌లకు మీరొక్కరే. నాలుగు క్యాంపస్‌లు తిప్పితే ఏ పిల్లవాణ్నీ రెండోసారి చూడలేరు. రెండోది, పిల్లలు చెప్పినవి యాజమాన్యానికి చెప్పాలా. నేను మొదట పనిచేసిన చోట ప్రతి శనివారం "ఎవరెవరు వచ్చారు, ఏం చెప్పారు" అని జాబితా అడిగేవారు. నేను ఇవ్వలేదు, ఆరు నెలల్లో మానేశాను. అలా జాబితా వెళ్తోందని తెలిసిన రోజు నుంచి ఒక్క పిల్లవాడు కూడా తలుపు తట్టడు.

ఒక హద్దు కూడా గుర్తుంచుకోండి. ఎంఏతో మీరు జబ్బు పేరు పెట్టి సర్టిఫికెట్ ఇవ్వకూడదు, మందుల గురించి ఆపమనో తగ్గించమనో చెప్పకూడదు. తల్లిదండ్రులు పరీక్షల్లో అదనపు సమయం కోసం "ఐక్యూ రిపోర్టు రాసివ్వండి" అని వస్తారు, మూడు వేలు ఇస్తామంటారు. ఆ పని క్లినికల్ సైకాలజిస్టుది. మీ సంతకంతో ఇచ్చిన కాగితం బోర్డు దగ్గర చెల్లదు, నష్టపోయేది ఆ పిల్లవాడు.

ఇక మీ లెక్క. రెండేళ్లు రెగ్యులర్ కోర్సు అంటే పోయే జీతమే 24 వేల చొప్పున 5 లక్షల 76 వేలు. ఫీజు, పుస్తకాలు దాని మీద. ఆ తర్వాత రెండేళ్లు ఇప్పటికంటే తక్కువ ఆదాయం. ఇంట్లో మీ జీతం మీద ఆధారపడినవాళ్లు ఉంటే ఈ అంకె ముందు వాళ్లతో కూర్చుని మాట్లాడండి. నేనైతే మీ స్థానంలో ఉంటే ఉద్యోగం ఇప్పుడే మానను. ఈ ఏడాది పీజీసెట్‌కు చదువుతూ డబ్బు దాచుకుంటాను. సీటు వచ్చాక మానేసినా చేతిలో అకౌంట్స్ పని ఉంది. నాలుగైదు చిన్న దుకాణాలకు జీఎస్టీ రిటర్నులు వేసిపెడితే నెలకు 8, 10 వేలు వస్తాయి, రాత్రిపూట చేసుకోవచ్చు. ఆ డబ్బు సూపర్‌విజన్‌కు, గది అద్దెకు సరిపోతుంది. మా దగ్గరికి వచ్చే కొత్తవాళ్లలో మధ్యలో ఆగిపోయేది ఎక్కువగా ఆ రెండు ఖర్చుల దగ్గరే.

కాలేజీ చూడటానికి వెళ్లినప్పుడు బిల్డింగ్ చూడకండి. రెండో ఏడు చదువుతున్న ఒక అమ్మాయినో అబ్బాయినో క్యాంటీన్‌లో పట్టుకుని అడగండి: "ఇంటర్న్‌షిప్‌లో నిజంగా ఎంతమంది మనుషులతో కూర్చున్నారు? మీరు రాసిన కేసు ఎవరైనా మీ పక్కన కూర్చుని చదివారా?" చినవాల్తేరు మానసిక వైద్యశాలలోనో కేజీహెచ్‌లోనో రోగులను దగ్గరుండి చూసిన రోజులు ఎన్నో కూడా అడగండి. జవాబులు విన్నాక ఇక్కడే రాయండి, ఏ కాలేజీలో చేరాలో అప్పుడు చెబుతాను.